పురానాపూల్ ఖాతా

"నమ్మకమే మా పెట్టుబడి" అని గోడకు రాయించుకునే దుకాణాల్లో, ఆ రాత కిందనే "నేడు నగదు - రేపు అరువు" అన్న అట్ట కూడా వేలాడుతుంటుంది. సక్కుబాయి దుకాణంలో ఈ రెండూ లేవు. రాసుకోవడానికి అక్కడ గోడే కనపడదు. పురానాపూల్ వంతెన దిగి లోపలికి తిరిగే గల్లీలో, తలుపు వెడల్పంత ఉండే ప్రీతి మ్యాచింగ్ సెంటర్‌లో నేల నుంచి కప్పు దాకా బట్ట థాన్లే. జాకెట్ గుడ్డ ఒక పక్క, అస్తరు ఒక పక్క. మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడేంత జాగా. ఆ జాగాలో సక్కుబాయి ఇరవై ఏళ్లుగా నిలబడి ఉంది.

వచ్చే ఆడవాళ్లు చీర మడత విప్పి అంచు చూపిస్తారు. సక్కుబాయి ఆ అంచును గుమ్మంలోకి, పగటి వెలుతురులోకి తీసుకెళ్లి ఒకసారి చూస్తుంది. వెనక్కి తిరిగి రెండు థాన్లు లాగుతుంది. వాటిలో ఒకటి సరిపోతుంది. సరిపోకపోతే, "ఈ రంగు చీరకు జోడు దొరకదు చెల్లె, జోడే దొరకకుంటె వేరే రంగు వేసుకుంటెనే అందం" అని మూడోది అమ్ముతుంది. అదీ వ్యాపారమే.

భర్త గుండయ్య నీళ్ల బోర్డులో లైన్‌మన్‌. ఆయన పోయాక వచ్చిన డబ్బుతో పెట్టిన దుకాణమిది. ఆయన్ని తలుచుకుని సక్కుబాయి రోజూ కన్నీళ్లు పెట్టుకుంటుందని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చుగానీ, నిజం అది కాదు. గుండయ్య మంచివాడే. తాగి వచ్చిన రోజుల్లో తప్ప. ఆ రోజులు తక్కువేం కావు. ఆయన ఫొటోకు దండ మారుస్తుంది, దీపం పెడుతుంది, అంతటితో ఆ లెక్క సరి. ఆమె మనసు లాగే చోటు వేరే ఉంది. అది మదీనా చౌరస్తా వెనక గల్లీలో, జగన్నాథం అండ్ సన్స్ అనే హోల్‌సేల్ బట్టల కొట్టులో, గుమ్మానికి కుడిపక్కన పరిచి ఉండే తెల్లటి పరుపు. ఆ పరుపు మీద ఒకప్పుడు అమరనాథ్ కూర్చునేవాడు.

అమరనాథ్ ఆ కొట్టుకు గుమాస్తా. బజారంతా మునీంసాబ్ అనేది. సక్కుబాయి మొట్టమొదటి సరుకు తెచ్చుకున్న రోజున, బిల్లు మీద నూటొక్క రూపాయి తక్కువైంది. కొంగు ముడి రెండుసార్లు విప్పి వెతికింది. ముఖం ఎర్రబడింది. అమరనాథ్ కళ్లజోడు పైనుంచి చూసి, "ఉండనీయండి సక్కుబాయి గారూ. ఖాతా నిల్ చెయ్యొద్దు. నిల్ చేసినవాళ్లు మళ్లీ రారని మా దగ్గర రివాజు" అన్నాడు.

ఆ బజార్లో ఆమెను అక్కా అన్నవాళ్లున్నారు, అమ్మా అన్నవాళ్లున్నారు, "ఏయ్ పురానాపూల్" అని పిలిచినవాళ్లూ ఉన్నారు. పేరు చివర గారు తగిలించినవాడు ఆయనొక్కడే.

ఆ తర్వాత ప్రతి బిల్లూ పైసాతో సహా కట్టింది. ఆ మొదటి నూటొక్కటి మాత్రం అలాగే ఉండిపోయింది. దసరాకో ఉగాదికో ఆమె తీసి ముందు పెట్టేది. ఆయన వేలితో వెనక్కి నెట్టేవాడు. "రావడం మానేస్తారా ఏంది?" అని నవ్వేవాడు. ఆమె తీసి మళ్లీ కొంగున కట్టుకునేది. ఈ తంతు ఏటా జరిగేది, పండగలాగే.

గురువారం గురువారం వెళ్లేది. బేరం అయిపోయాక ఇరానీ చాయ్ వచ్చేది. ఆయన సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తన మోకాళ్ల గురించి చెప్పేవాడు. ఆమె కూతురు ప్రీతి చదువు గురించి చెప్పేది. షేడ్ కార్డు మీద రంగులకు నంబర్లుంటాయి. ఆయన నంబరెప్పుడూ పలికేవాడు కాదు. "మీకోసం ఉల్లిపొర రంగు ఒక థాను పక్కన పెట్టించిన. నేరేడు కూడా వచ్చింది, కానీ అది మీ గల్లీలో పోదు, పెద్దింటి ఆడవాళ్లు కట్టే రంగది" అనేవాడు. "మా గల్లీ అంత చిన్నగుందా మునీంసాబ్?" అని ఆమె నేరేడు కూడా తీసుకునేది. అది నిజంగానే పోయేది కాదు. ఆ థాను ఒకటి ఇప్పటికీ పైఅరలో ఉంది.

ఇంతే. అంతకుమించి ఇద్దరి మధ్యా ఏమీ లేదు. కథలు వెతుక్కునేవాళ్లు నిరాశపడక తప్పదు.

తర్వాత ఫోనులో డబ్బు పంపడం వచ్చింది. ప్రీతి ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్లో చేస్తుంది. "ఆటో కిరాయి దండగ కాదా అమ్మా? ఇక్కడ్నే నొక్కు" అని నేర్పించింది. నొక్కడం సులువుగానే ఉంది. సరుకు ఆర్డరు కూడా ఫోనులోనే, థాన్లు ట్రాలీ ఆటోలో దుకాణం ముందుకే. సుఖానికి మనిషి ఇట్టే అలవాటు పడతాడు. కొన్ని నెలలు పోయాక ఏదో థాను మార్చుకునే పనిమీద సక్కుబాయి మదీనాకు వెళితే, పరుపు లేదు. ఆ జాగాలో బల్ల, బల్ల మీద కంప్యూటరు. యజమాని శ్రీనాథ్ కూతురు మాన్య కూర్చుని ఉంది. మునీంసాబ్ పని మానేసి జహీరాబాద్‌లో చెల్లెలింటికి వెళ్లిపోయాడని, వెళ్లి అప్పటికే చాలా రోజులైందని చెప్పింది. ఆ రోజు తిరుగుదారిలో సక్కుబాయి ఆటో ఎక్కలేదు. సిటీ కాలేజీ మీదుగా పురానాపూల్ దాకా నడిచింది.

ఇదంతా చెప్పింది ఎందుకంటే, ఈ ఆషాఢంలో వచ్చిన లొల్లి అర్థం కావాలి గనక.

వేసవి పెళ్లిళ్లప్పుడు టోలీచౌకీలో ఒక బొటిక్ వాళ్లు అస్తరు గుడ్డ థాన్లకు థాన్లు ఉద్దెర తీసుకున్నారు. నెలలో ఇస్తామన్నారు. తర్వాత షాపుకు కొత్త అద్దాలు పెట్టిస్తున్నామన్నారు. అద్దాలు వచ్చాయి, డబ్బు రాలేదు. సక్కుబాయి ఆ గుడ్డ తెచ్చింది జగన్నాథం అండ్ సన్స్ నుంచి, తనకూ నెల గడువు మీద. నలభై ఆరువేల బిల్లులో పద్దెనిమిది వేలు కట్టింది. ఇరవై ఎనిమిది వేలు ఆగింది. గడువు దాటి నెల అయింది.

ఇది పెద్ద నేరమేం కాదు. బజారంతా ఇలాగే నడుస్తుంది. ఒకరి దగ్గర ఆగిన డబ్బు గొలుసులా అందరి దగ్గరా ఆగుతుంది. అసలు తప్పు వేరే. గడువుకు ముందే ఒక మాట చెప్పాలి. వెనకటికైతే పరుపు పక్కన కూర్చుని, చాయ్ తాగుతూ, "ఈసారి కొంచెం తిప్పలైతుంది మునీంసాబ్" అనేది. ఆయన "ఎంతలో సర్దుతారు?" అనేవాడు. అయిపోయేది. ఫోనుకు ఏమని చెప్పాలో ఆమెకు తెలియలేదు. నెలంతా నోరు మూసుకుని కూర్చుంది. ఆ ఊరకుండటమే ఎగవేతలా కనిపించింది.

శ్రావణం ముందుంది. శ్రావణంలో పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతాలు, ఊళ్లో ప్రతి ఆడమనిషికీ ఒక కొత్త జాకెట్. అరల్లో రంగులు అయిపోయాయి. రాణి రంగు లేదు, చిలకాకుపచ్చ లేదు. రంగు లేని మ్యాచింగ్ సెంటర్ అంటే నీళ్లు లేని చలివేంద్రం. ఒకసారి ఉత్త చేతులతో వెనక్కి పోయిన ఆడది రెండోసారి పక్క దుకాణానికే పోతుంది.

సక్కుబాయి ఆర్డరు పంపింది. మాన్య దగ్గర్నుంచి సరుకు రాలేదు, ఒక పట్టిక వచ్చింది. దాని కింద మాట: "ఆంటీ, 28 వేల సంగతి మాట్లాడుకుందాం. కానీ మీ ఖాతాలో 101 చాలా పాతది పెండింగ్ ఉంది. అంత పాత బాకీ ఉన్న పార్టీకి సిస్టమ్ కొత్త బిల్లు కొట్టనివ్వదు. ప్లీజ్ క్లియర్ చేయండి."

పట్టికలో ఇరవై ఎనిమిది వేలు పసుపు రంగులో ఉంది. నూటొక్కటి ఎర్రగా ఉంది.

ఆ సాయంత్రం ప్రీతి డ్యూటీ నుంచి వచ్చి ఫోను చూసి పకపకా నవ్వింది. "నూటొక్క రూపాయికి ఇంత లొల్లా? కట్టి పడెయ్యమ్మా. నేను కొట్టాల్నా ఇప్పుడే?"

"ఆగు" అంది సక్కుబాయి. అంత గట్టిగా అంటానని ఆమె కూడా అనుకోలేదు.

"ఏంది ఆగేది? ఇరవై ఎనిమిది వేలకు ఆగాలె గానీ..."

"అది బాకీ కాదు బిడ్డా. వాళ్ల రివాజు. మునీంసాబ్ ఉంచమంటెనే ఉంచిన. ఆ పిల్లకు తెల్వదు. మంచిగ రాద్దాం, సమజ్ అయితది."

ప్రీతి మంచిగానే రాసింది. ఆసుపత్రిలో రోజూ అలాంటివి రాసి రాసి అలవాటైన చెయ్యి. గౌరవనీయులైన యాజమాన్యానికి, అనివార్య కారణాల వల్ల, మన మధ్య గల సుదీర్ఘ అనుబంధాన్ని దృష్టిలో ఉంచుకుని, దయతో మన్నించి, అంటూ పైనుంచి కిందకు చదివి వినిపించింది.

"అనివార్య కారణాలంటె ఏంది?"

"అంటే... తప్పనిసరి."

"తప్పనిసరి ఏం లేదు. బొటిక్ది పైసలియ్యలే, గంతే. దానికి గింత పెద్ద మాటెందుకు? ఇగో, ఆస్పత్రిల పేషంటు పోతె ఇంటోళ్లకు గిట్లనే రాస్తరా మీరు?"

"నువ్వే రాసుకో పో మరి" అని ప్రీతి ఫోను మంచం మీద పడేసి స్నానానికి వెళ్లింది.

ప్రీతి రాసిన దాంట్లో ఒక్క మాట మాత్రం సక్కుబాయికి నచ్చింది. "మీ సంస్థ రివాజు ప్రకారం" అన్నది. దాన్ని ఉంచుకుని మిగతాది కొట్టేసి రేపు రాద్దామనుకుంది. అయితే రివాజు అని రాసేటప్పుడు ఇంకొకరి సాక్ష్యం కూడా ఉంటే బలంగా ఉంటుంది కదా. పక్క దుకాణం మున్నీది. చీరలకు ఫాల్, పీకో కుడుతుంది. ఫాల్ గుడ్డ ఆమె కూడా అదే కొట్టు నుంచి తెస్తుంది, సక్కుబాయికన్నా ముందు నుంచీ.

తెల్లారి షట్టర్ తీస్తూనే సక్కుబాయి అడిగింది. "మున్నీ, జగన్నాథం కొట్ల నీ ఖాతాల మునీంసాబ్ ఎంత ఉంచిండే?"

మున్నీ మిషన్‌లో దారం ఎక్కిస్తోంది. దారం కొసను నోట్లో తడి చేసుకుంటూ, "ఎంత ఉంచుడేంది?" అంది.

"గదే, ఖాతా నిల్ చెయ్యొద్దని కొంచెం ఉంచుతరు గద. నాది నూటొక్కటి."

మున్నీ దారం వదిలేసింది. "ఎవరూ, ఆ ముసలాయననా? సక్కక్కా, నీకు దిమాక్ ఖరాబైందా? ఒక్కసారి పది రూపాయలు తక్కువైతే ఏమన్నడో తెల్సా? 'బస్సుల ఎందుకు, నడిసి పో, ఆరోగ్యం' అని నా టికెట్ పైసలు గుంజుకున్నడు. పావలా వదల్లే ఆయన. నా ఒక్కదానికే గాదు. హుస్సేనీ ఆలం సలీం భాయ్‌నడుగు, ధూల్‌పేటోళ్లనడుగు. ఆయనకు బజార్ల పేరే చుర్రీ అని, కత్తి అని."

"రివాజు అన్నడు" అంది సక్కుబాయి.

"రివాజు లేదు, గివాజు లేదు." మున్నీ దారం మళ్లీ అందుకుని, సూది కంట్లోకి గురిపెట్టి, ఆగి, తల తిప్పి చూసింది. "ఏందక్కా, ముఖం గట్లైంది?"

"ఎట్లైంది?"

"ఏమో. నేరేడు పండు తిన్నట్టు."

సక్కుబాయి తన గుమ్మంలోకి వచ్చేసింది. పొద్దున్నే ఒక గిరాకీ వచ్చి కనకాంబరం రంగు అడిగితే, ఉన్న థాను పెట్టుకుని లేదని పంపేసింది.

అన్నేళ్లు. ఏటా ఆ నోట్లు తీసి పెట్టడం, ఆయన వేలితో నెట్టడం. అది కొట్టు పద్ధతి అనుకుంది కాబట్టే అంత ధైర్యంగా నవ్వగలిగింది. కాదని అప్పుడే తెలిస్తే ఏం చేసి ఉండేది? ఆ గడప తొక్కడం మానేసేదేమో. ఆయనకూ అది తెలిసే ఉంటుంది. అందుకే రివాజు అన్నాడు. బజారు మనిషి, దేనికి ఏ పేరు పెడితే అమ్ముడుపోతుందో తెలుసు. మాట హద్దు దాటకుండా, కన్ను ఎత్తకుండా, నూటొక్క రూపాయి అడ్డం పెట్టి, గురువారం గురువారం రండి అని చెప్పాడు. ఆమె వెళ్లింది. చివరికి ఆటో కిరాయి దండగని మానేసింది.

చిత్రమేమిటంటే, ఆమెకు ఏడుపు రాలేదు. చాయ్ తాగాలనిపించింది. సాసర్లో.

సమస్య మాత్రం అక్కడే ఉంది, ఇంకా చిక్కుపడి. ఇప్పుడు మెసేజ్‌లో ఏమని రాయాలి? రివాజు అని రాస్తే అబద్ధం. మాన్య తండ్రిని అడుగుతుంది, ఆయన అలాంటిదేం లేదంటాడు. ఒక అబద్ధం దొరికితే మిగతా నిజాలు కూడా చెల్లవు. మాఫీ చేసి పెట్టిపోయాడని రాస్తే, లేని మనిషి మీద నింద: గుమాస్తా కొట్టు సొమ్ము సొంత ఇష్టానికి వదిలేశాడని. నిజం రాయడానికేమో ఆ నిజానికి పేరు లేదు. కట్టేస్తే అన్నీ తేలికవుతాయి. కట్టేస్తే ఖాతా నిల్. ఆ ఇరవై ఎనిమిది వేలు కూడా కొంచెం కొంచెంగా కడుతూ పోతే, ఆఖరికి ఆమెకూ ఆ పరుపుకూ మధ్య ఏమీ మిగలదు.

అరల వైపు చూసింది. రాణి రంగు ఉండాల్సిన చోట చెక్క కనపడుతోంది.

గల్లాపెట్టె మీద ఫోను పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మధ్యాహ్నం దాకా రాసింది. నడుమ వచ్చిన గిరాకీలను మున్నీ చూసుకుంది. రాసింది ఇది:

"మాన్యమ్మకు, పురానాపూల్ సక్కుబాయి. మీ బిల్లు 46 వేలల్ల 18 కట్టిన, 28 ఉన్నది. గడువు దాటి నెల అయింది. టోలీచౌకీ బొటిక్‌కు ఉద్దెర ఇచ్చిన, వాళ్లు ఇయ్యలేదు. గడువుకు ముందే మీకు చెప్పాల్సింది, చెప్పలేదు, అది నా తప్పు. ఇయ్యాల 10 వేలు పంపుతున్న. 9 వేలు పదిహేనో తారీఖుకు, 9 వేలు నెలాఖరుకు. బొటిక్ ఇచ్చినా ఇయ్యకున్నా ఇస్త.

కొత్త ఆర్డరు ఎప్పటంత వద్దు, 20 వేలకే. సరుకు దిగినప్పుడు మూడో వంతు ఇస్త. మిగిలింది నెలకు కాకుండ నెలన్నరల రెండు సార్లు ఇస్త. అమ్ముడుపోని థాను కొయ్యకుండ, చీటీ చింపకుండ ఉంటె నెలలోపల వేరే రంగుకు మార్చాలె. తొందరగ కడితే ఇచ్చే రెండు శాతం తగ్గింపు ఈసారి నాకొద్దు. బొటిక్‌లకు ఇగ ఉద్దెర ఇయ్య.

101 సంగతి. అది మర్చిపోయి ఉన్నది కాదు. తెలిసే ఉంచిన. దాని గురించి వచ్చి మాట్లాడుత."

చివరి వాక్యం మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాసింది. పంపింది. వెంటనే పదివేలు కూడా పంపింది. మాట ముందు, డబ్బు వెనకాలే రావాలి, మధ్యలో గాలి చొరబడకూడదు. ఇది కూడా అమరనాథ్ నేర్పిందే.

మెసేజ్ చదివినట్టు పక్కన రెండు గీతలు నీలంగా మారాయి. జవాబు రాలేదు. మున్నీ కుడుతూ కుడుతూ తొంగిచూసి, "వచ్చిందా?" అనేది. "రాలే." "తింటున్నదేమో." కాసేపాగి, "వచ్చిందా?" "రాలే." "పండుకుందేమో." సక్కుబాయి ఫోనును థాన్ల కింద దోపింది. అలా దోపాకే అది మోగింది.

మాన్యే. గొంతు చిన్నపిల్ల గొంతు, మాట మాత్రం తాత జగన్నాథంది. "ఆంటీ, నాన్నతో మాట్లాడాను. పదివేలు వచ్చింది, థాంక్స్. మీరు డేట్లు రాశారు కాబట్టి ఓకే అన్నారు. మూడో వంతు డెలివరీకి, మిగతాది రెండు వాయిదాలు, సరే. కానీ నెలన్నర కాదు, నలభై రోజులు. ఎక్స్‌ఛేంజ్ ప్లెయిన్ కలర్స్‌కే, బ్రొకేడ్‌కి కాదు. పాత వాయిదా ఒక్కటి తప్పినా తర్వాత క్యాషే."

"మంచిది బిడ్డా."

"ఇంక ఆ వన్ నాట్ వన్. దాని గురించి మీరు రావక్కర్లేదు ఆంటీ. చిన్న అమౌంట్ కదా, నేనే మాఫీ చేసేస్తాను. ఒక ఎంట్రీ కొడితే పోతుంది."

సక్కుబాయి లేచి నిలబడింది. థాను ఒకటి ఒళ్లోంచి జారి గల్లీలోకి దొర్లుకుంటూ పోయింది. "వద్దు వద్దు! మాఫీ చెయ్యకు బిడ్డా. నేనొస్తున్న. ఇప్పుడే వస్తున్న. దానిమీద చెయ్యెయ్యకు."

"అయ్యో ఆంటీ, నూరు రూపాయలకి..."

"నీకు దండం పెడుత. నేనొచ్చేదాక ఆ కంపూటరు ముట్టకు."

మున్నీ థాను చుట్టి తెచ్చి ఇస్తూ, "ఏందక్కా, ఇల్లు జప్తు చేస్తున్నరా?" అంది. సక్కుబాయి కొంగు సర్దుకుని, షట్టర్ మున్నీకి అప్పగించి, మదీనా వైపు పోయే షేర్ ఆటో ఎక్కింది. హైకోర్టు దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే, దిగి నడుద్దామా అని రెండుసార్లు కాలు బయట పెట్టింది.

కొట్టు అదే. పరుపు ఉండే చోట బల్ల. బల్ల వెనక మాన్య, చెవిలో తీగ. పైన జగన్నాథం ఫొటో. గుమ్మంలో పగటి వెలుతురు మాత్రం ఎప్పట్లాగే పడుతోంది, బట్టల రంగు చూసుకోవడానికి వీలుగా. సక్కుబాయి నిలబడే ఆయాసం తీర్చుకుంది.

"కూర్చోండి ఆంటీ. చాయ్ చెప్పనా?"

"చెప్పు. సాసరు కూడ తెమ్మను."

మాన్య నవ్వింది. "మునీం తాత కూడా అలాగే తాగేవారు."

సక్కుబాయి కొంగు ముడి విప్పి వంద నోటు, రూపాయి బిళ్ల బల్ల మీద పెట్టింది. ఈసారి వాటిని వేలితో వెనక్కి నెట్టే చెయ్యి లేదు. మాన్య తీసుకుని సొరుగులో వేసింది. మీటలు టకటక కొట్టింది. పట్టికలో ఎర్ర గీత పోయింది. అంత చిన్న చప్పుడుతో పోతుందని సక్కుబాయి అనుకోలేదు. ఏదో ఒకటి వినపడుతుందనుకుంది.

చాయ్ వచ్చింది. సాసర్లో పోసుకుని ఊదింది. తాగబుద్ధి కాలేదు.

"ఎట్లున్నరు ఆయన?" అని అడిగింది, చాయ్‌ను చూస్తూ.

"తాతా? బాగానే ఉన్నారు. మోకాళ్లే. నెలకోసారి నాన్నకి ఫోన్ చేస్తారు. పాత పార్టీలు ఎవరున్నారు, ఎవరు పోయారు అని. మొన్న కూడా చేశారు."

"ఎవరెవరినడిగిండు?"

మాన్య ఆలోచించింది. "పేర్లేం అడగరు ఆంటీ. ఉల్లిపొర రంగు ఇంకా వస్తోందా అంటారు. పురానాపూల్ వైపు సరుకు పోతోందా అంటారు. ప్రతిసారీ అదే. అటు మనకున్నది రెండే పార్టీలు, మీరూ, ఆ ఫాల్ ఆవిడా. నంబర్ ఇవ్వనా? మాట్లాడతారా?"

మాన్య అప్పటికే తన ఫోనులో పేరు వెతుకుతోంది. సక్కుబాయి చేయి సగం ముందుకు వెళ్లింది. నంబరు తీసుకుంటే ఏమవుతుంది? రాత్రి పూట ప్రీతి పడుకున్నాక ఒకసారి కలుపుతుంది. ఆయన హలో అంటాడు. బాగున్నారా అంటే బాగున్నా అంటాడు. తర్వాత? బేరం లేకుండా, బట్ట లేకుండా, వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. మధ్యలో ఒక థాను ఉండాలి. లేదా ఒక బాకీ.

"నంబరొద్దు" అంది. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ కొంగు ముడి విప్పింది. ఇంకో వంద నోటు. రూపాయి బిళ్ల దొరకలేదు. ముడి అంతా దులిపింది, సంచిలో వెతికింది. ఆటోవాడు ఇచ్చిన చిల్లరలో ఒకటి తగిలింది. రెండూ బల్ల మీద పెట్టింది.

"ఇదెందుకు ఆంటీ? మొత్తం క్లియర్ అయిపోయింది కదా. ఇరవై ఎనిమిదిలో వెయ్యనా?"

"దాంట్ల వద్దు. ఏ బిల్లులో వెయ్యకు. నా పేరు మీద జమ ఉంచు. అట్ల ఉంచొస్తదా, మీ కంపూటరు ఊకుంటదా?"

"అడ్వాన్స్ అని వేస్తే ఉంటుంది. బాకీ కాదు కాబట్టి ఎర్రగా చూపించదు." మాన్య మీటల మీద వేళ్లు పెట్టి ఆగింది. "కానీ అప్పుడు మేమే మీకు బాకీ ఉన్నట్టు అవుతుంది."

"గట్లనే ఉండనీ. ఇన్నేండ్లు నేనున్న. ఇగ మీరుండుర్రి."

మాన్యకు అర్థం కాలేదు. అయినా వేసింది. వ్యాపారం చేసేవాళ్లు వచ్చిన డబ్బును మరీ ఎక్కువ ప్రశ్నలు అడగరు. ఆర్డరు రంగులు రాసుకోవడానికి షేడ్ కార్డు తీసింది. రాణి రంగు నంబరు, చిలకాకుపచ్చ నంబరు, నెమలికంఠం నంబరు. సక్కుబాయి ఒక్కోదాన్ని గుమ్మంలోకి తీసుకెళ్లి వెలుతురులో చూసి చెప్పింది. ఉల్లిపొర రంగు రెండు థాన్లు అంది. ఆఖరున కార్డు మూసేస్తుంటే, "నేరేడు ఒకటెయ్యి" అంది.

"అది మీ వైపు పోదేమో ఆంటీ."

"పోదు. తెల్సు. వెయ్యి."

గుమ్మం దిగుతూ, చెప్పుల్లో కాలు పెట్టి, వెనక్కి తిరిగింది. "మాన్యా, ఆయన మళ్ల ఫోన్ చేస్తడు గద నెలకు."

"చేస్తారు."

"చేస్తే చెప్పు. పురానాపూల్ ఖాతా నిల్ కాలేదట అని. గంతే చెప్పు, ఇంకేం చెప్పకు."

బయట ఆషాఢం వాన సన్నగా మొదలైంది. ఆటోలు మదీనా చౌరస్తాలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అరుస్తున్నాయి. సక్కుబాయి ఏదీ ఆపలేదు. ఈ నెల ఎప్పుడైపోతుందా అని లెక్కేసుకుంటూ, కొంగు తలమీదికి లాక్కుని, పురానాపూల్ వైపు నడిచింది.